అమ్మాయ్, బడి పేరు బోర్డెక్కే ముందు ఇది చదువు

అమ్మాయ్,

కొవ్వూరులో పెట్టబోయే బడికి క్రమశిక్షణా ఆప్యాయతా రెండూ వినపడే పేరు కావాలని, వేరే స్కూళ్లతో పోలిక రాకూడదని నువ్వు వాట్సాప్‌లో పంపిన ఏడు పేర్లూ చూశాను. రాత్రి అన్నాల దగ్గర పెద్దమ్మకు చదివి వినిపిస్తుంటే "నవ చైతన్య టెక్నో" దగ్గర ఆపి, "ఇదేంటి, శ్రీ చైతన్య వాళ్లు కొవ్వూరులో కూడా పెడుతున్నారా?" అంది. చూశావా, నువ్వింకా స్థలానికి అడ్వాన్సు కూడా ఇవ్వలేదు, అప్పుడే నీ బడి వేరేవాళ్ల బ్రాంచి అయిపోయింది. చైతన్య అనేది నిఘంటువులో అందరి మాటే, కాదనను. కానీ ఆ సంస్థ 1986లో విజయవాడలో మొదలైన దగ్గర్నుంచి మన తల్లిదండ్రుల చెవిలో ఆ మాట ఒక సంస్థకే అంటుకుపోయింది. ముందు "నవ" పెట్టినా వెనక "టెక్నో" పెట్టినా వాళ్లకు వినపడేది మధ్యలో మాటే.

ఇది నేను చేసి దెబ్బతిన్న తప్పు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. నేను మొదటి బడి పెట్టినప్పుడు సిటీలో బాగా పేరున్న ఒక స్కూలు పేరు తీసుకుని ముందు "న్యూ" తగిలించాను. మొదటి ఏడాది అడ్మిషన్లు బాగానే వచ్చాయి, నా తెలివికి నేనే మురిసిపోయాను. తర్వాత మొదలైంది అసలు గోల. బదిలీ మీద వచ్చిన ఒకాయన "మా అబ్బాయి అక్కడ మీ మెయిన్ బ్రాంచిలోనే చదివాడు, అడ్మిషన్ ఫీజు మళ్లీ ఎందుకు?" అని కూర్చున్నాడు. బ్రాంచి కాదండీ అని చెప్పేసరికి ఆయన మొహంలో కోపం లేదు, అనుమానం వచ్చింది. పేరు దగ్గరే నిజం చెప్పనివాడు పిల్లాడి మార్కులు నిజం చెబుతాడా అన్నట్టు చూశాడు. నాలుగేళ్లకు అసలు స్కూలువాళ్లే మా పక్క టౌనుకు వచ్చారు, మేము ఊరందరికీ "డూప్లికేట్ స్కూలు" అయిపోయాం. పేరు మార్చక తప్పలేదు. బోర్డు మార్చడం ఒక్క రోజు పని. గుర్తింపు ఉత్తర్వులో, బ్యాంకు ఖాతాలో, రబ్బరు స్టాంపుల్లో, టీసీ పుస్తకాల్లో మార్చడానికి ఏడాదిన్నర తిరిగాను. పాత పేరుతో పదో తరగతి మెమో తీసుకున్న పిల్లలు ఉద్యోగాలకు వెళ్లేటప్పుడు, ఆ స్కూలూ ఈ స్కూలూ ఒకటేనని కాగితం రాసిమ్మని పదేళ్లపాటు వస్తూనే ఉన్నారు.

అందుకని నీ లిస్టులో "న్యూ ఆక్స్‌ఫర్డ్", "నవ చైతన్య టెక్నో" రెండూ కొట్టేసెయ్. ఇక మిగిలిన ఐదు.

"గురుకులం" అనే మాటలో నువ్వు కోరుకున్న క్రమశిక్షణా ఉంది, గురువు ఇంట్లో పెరిగే ఆప్యాయతా ఉంది. కానీ మన రెండు రాష్ట్రాల్లో ఇవాళ గురుకులం అంటే ప్రభుత్వ హాస్టల్ స్కూలే, ఎంట్రన్స్ రాసి సీటు తెచ్చుకునేది. నీ దగ్గరకొచ్చి "హాస్టల్లో సీటుందా మేడమ్?" అని అడుగుతారు. "మోడల్ స్కూల్", "నవోదయ" అన్నా ఇదే తంటా. అంటే పోలిక ఒక్క కార్పొరేట్ స్కూళ్లతోనే కాదు, సర్కారు బడులతో కూడా రాకూడదు. "అమ్మ ఒడి" గురించి చెప్పక్కర్లేదనుకుంటా. 2020 జనవరిలో అది ప్రభుత్వ పథకం పేరైంది, ఆ పేరు ఇప్పుడు పథకానికి లేకపోయినా జనం మర్చిపోలేదు. తల్లులు పిల్లాణ్ని కాదు, బ్యాంకు పాసుబుక్కు పట్టుకుని వస్తారు. పైగా ప్రభుత్వాలు మారినప్పుడల్లా నీ బడికి పార్టీ రంగు పూస్తారు.

"లిటిల్ బడ్స్" ముద్దుగానే ఉంది, ఎల్‌కేజీ తల్లికి నచ్చుతుంది కూడా. కానీ నీ బడిలో పిల్లాడు పెరుగుతాడు కదా. ఆరో తరగతికొచ్చిన మగపిల్లాడు బెల్టు మీద "లిటిల్ బడ్స్" అని పెట్టుకుని క్రికెట్ గ్రౌండుకు వెళ్లడు, బెల్టు తీసి సంచిలో దాచేస్తాడు. చిన్నప్పుడు ఇక్కడ, ఆరు నుంచి పెద్ద స్కూల్లో అని తల్లిదండ్రులు ముందే లెక్క వేసుకుంటారు. పేరే వాళ్లకు ఆ గడువు చెప్పేస్తుంది.

"ప్రజ్ఞ" మంచి మాట. నిన్న సాయంత్రం టీ కొట్టు దగ్గర మన ఆటో కుర్రాడికి ఆ పేరు చెప్పి, నా డైరీ ఇచ్చి రాయమన్నాను. "ప్రగ్య" అని రాశాడు. ఇంగ్లిష్‌లో రాయమంటే కాసేపు పెన్ను కొరికి Pragna అన్నాడు, పక్కనున్నాయన Prajna అన్నాడు, కొట్టాయన మధ్యలో y ఉంటుందన్నాడు. ఫోన్‌లో మ్యాప్ తెరిచి నీ బడి వెతికే తండ్రి కూడా ఈ మూడింట్లో ఏదో ఒకటి కొడతాడు, వేరే ఊళ్లో ఇంకో ప్రజ్ఞ దొరుకుతుంది. విన్నవాడు ఒక్కసారికే తప్పు లేకుండా రాయలేని పేరు చిన్న బడికి బరువు.

ఇక "నియమ". అల్లుడు గారికి ఇది బాగా నచ్చిందన్నావు. ఆయనకు నా మాటగా చెప్పు, పక్క స్కూలు పిల్లలు మొదటి వారంలోనే "ని" తీసేసి పిలుస్తారు. యమ స్కూల్! నవ్వు కాదమ్మా, పిల్లలు పేర్లు విరవడంలో మహా గట్టివాళ్లు. ఏ పేరైనా సరే, మొదటి అక్షరం తీసేసి చూడు, చివరిది తీసేసి చూడు, దాంతో కలిసొచ్చే తిట్టు ఏదైనా ఉందేమో ఆరో తరగతి పిల్లాణ్ని అడిగి చూడు. వాడు నీ మొహం మీదే చెబుతాడు.

అయితే "నియమ"లో ఇంకో చిక్కుంది, అది పెద్దది. క్రమశిక్షణను పేరులోనే చెప్పేస్తే తల్లికి బెత్తం కనపడుతుంది. ఎక్సలెన్స్, టాలెంట్ అని పెట్టుకున్నవాళ్లదీ ఇదే బాపతు, లేనిదాన్ని అరిచి చెబుతున్నట్టుంటుంది. మన ఊళ్లలో తండ్రికి క్రమశిక్షణ అంటే వేరే ఏమీ కాదు, టైముకు గంట కొట్టడం, హోంవర్క్ చూసి డైరీలో సంతకం పెట్టడం. తల్లికి ఆప్యాయత అంటే పిల్లాడు రాకపోతే మధ్యాహ్నంలోగా ఫోన్ చేసి ఏమైందని అడగడం. ఈ రెండూ పిల్లల రోజువారీ బతుకులోంచి వచ్చేవే కాబట్టి పేరు కూడా అక్కడే వెతుక్కో. గుణాల పేర్లు వదిలెయ్, వస్తువులూ వేళలూ చూడు. పలక, గంట, దారి, పొద్దు, అలాంటివి.

నేనూ కూర్చుని వెతికాను. మొదట "వరుస" అనే మాట మీద మనసు పడింది. పిల్లలు నిలబడేదీ వరుసే, అత్తా మామా అని పిలుచుకునేదీ వరుసే, ఒక్క మాటలో నువ్వడిగిన రెండూ ఉన్నాయి కదా అని తెగ సంబరపడి పెద్దమ్మకు చెప్పాను. "పెళ్లి సంబంధాల ఆఫీసులా ఉంది" అంది. అంతటితో ఆపేశాను.

తర్వాత తట్టింది "వేకువ". పొద్దున్నే లేవడం అందులో ఉంది, అంటే తండ్రికి కావాల్సిన పద్ధతి. చల్లదనం, లేత వెలుగు ఉన్నాయి, తల్లికి అది చాలు. మూడే అక్షరాలు, ఒత్తుల్లేవు. ఆటో కుర్రాడు తెలుగులో తప్పు లేకుండా రాశాడు, ఇంగ్లిష్‌లో Vekuva అని టకామని రాశాడు. పదో తరగతి పిల్లాడికీ సిగ్గుండదు. నువ్వు ఆఫీసు ఫోన్ ఎత్తి "నమస్తే అండీ, వేకువ స్కూల్" అని పైకి పదిసార్లు అని చూడు. నాలుక ఎక్కడా తట్టుకోదు. పేరు తెలుగు కాబట్టి తెలుగు మీడియం అనుకుంటారేమో అన్న టెన్షన్ నీకు వస్తుందని తెలుసు. దానికి పేరు మార్చక్కర్లేదు, బోర్డు మీద రెండో లైనులో చిన్నగా "ఇంగ్లిష్ మీడియం" అని రాయించు, సరిపోతుంది.

వెనక తోక మాత్రం జాగ్రత్త. "హైస్కూల్" అంటే బరువుగా, పాతకాలపు నమ్మకంగా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ నువ్వు మొదలుపెట్టేది ఐదో తరగతి వరకే. ప్రైమరీకి, అప్పర్ ప్రైమరీకి, హైస్కూలుకు గుర్తింపు వేరువేరుగా తీసుకోవాలి. లేని తరగతుల పేరు బోర్డు మీద ఉంటే మండల విద్యాధికారి వచ్చిన రోజే అడుగుతారు. ఉత్త "స్కూల్" అని పెట్టుకో, తరగతులు పెరిగినా పేరు కదలదు. "ఇంటర్నేషనల్", "గ్లోబల్" జోలికి పోకు. అవి వింటే ముందు ఫీజు ఎంతో అని భయపడతారు, తర్వాత స్విమ్మింగ్ పూల్ ఎక్కడని అడుగుతారు.

ఇప్పుడు అసలు పని. "వేకువ" నాకు తట్టింది కాబట్టి ఎవరూ పెట్టుకోలేదనుకోకు. ముందు మ్యాప్‌లో కొవ్వూరు, రాజమండ్రి, నిడదవోలు, తాడేపల్లిగూడెం చుట్టూ వెతుకు. తర్వాత ipindia.gov.in లో ట్రేడ్‌మార్క్ వెతికే పేజీ ఉంటుంది, అందులో సరుకులనూ సేవలనూ తరగతులుగా విడదీశారు, 41వది ఎంచుకో, చదువుకు సంబంధించినవన్నీ దాని కిందకే వస్తాయి. అచ్చంగా అదే పేరు చూసి వదిలెయ్యకు. అందులోనే ఉచ్చారణ పోలికతో వెతికే పద్ధతి కూడా ఉంది, Vekuva, Vekuwa, Veykuva అన్నీ కొట్టి చూడు. గొడవ కోర్టు దాకా పోతే స్పెల్లింగు తేడా ఉందా అని మాత్రమే చూడరు, సరిగ్గా గుర్తులేని మామూలు మనిషి రెంటినీ ఒకటే అనుకుంటాడా అని చూస్తారు. ముందు "శ్రీ" పెట్టాననో "న్యూ" పెట్టాననో వాదిస్తే నిలవదు. ఖాళీగా ఉంటే నువ్వే దరఖాస్తు పెట్టు. ఆన్‌లైన్‌లో వ్యక్తి పేరున అయితే ఒక ట్రేడ్‌మార్క్ తరగతికి 4,500 రూపాయలు, వస్తే దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి పదేళ్లు ఉంటుంది. కానీ బడి నడిపేది సొసైటీ కాబట్టి ఎవరి పేరున పెట్టాలో ఆడిటర్ని అడిగాకే కట్టు. రేపు సొసైటీలో ఉన్న ఏడుగురిలో ఎవరికైనా మాటా మాటా వస్తే పేరు ఎవరిదన్నదే మొదటి తగువు అవుతుంది.

ఖాళీగా లేకపోతే ఏడుస్తూ కూర్చోకు, "పొద్దు" ఉంది, "తొలిపొద్దు" ఉంది, వాటికీ ఇదే వరసలో ఆటో కుర్రాడి దగ్గర్నుంచి మొదలుపెట్టు. గుర్తింపు దరఖాస్తులో పేరు ఎక్కేదాకా మాత్రం పెయింటర్ని పిలవకు, టై బెల్టులకు ఆర్డరివ్వకు. టై మీద మోనోగ్రామ్ నేసేవాడు వందల లెక్కన తప్ప తీసుకోడు, తర్వాత ఒక్క అక్షరం మారినా ఆ సరుకంతా నీ అటక మీదే.

ఆదివారం నేనూ పెద్దమ్మా గోదావరి స్నానానికి కొవ్వూరు వస్తున్నాం. ఈలోగా రెండు పేర్లు ఖాయం చేసి ఉంచు. రేవు దగ్గర కొబ్బరికాయల కొట్టు ముసలావిడ చేత రెండూ పలికించి చూద్దాం.

పెదనాన్న