ప్రోటాన్లు ఎటు పోతాయి, ఏటీపీ ఎక్కడ తయారవుతుంది?

"మైటోకాండ్రియాలో ప్రోటాన్లు బయటికి, క్లోరోప్లాస్ట్‌లో లోపలికి అంటున్నరు. మరి ఏటీపీ ఎటువైపు తయారవుతది? హనుమకొండ కోచింగ్‌లో రెండుసార్లు విన్నా తికమకే."

లోపల, బయట అని బట్టీ పట్టడం వల్లే ఈ తికమక.

1. ముందు ఏటీపీ సింథేస్ గుండ్రటి తల ఎటు ఉందో చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. మైటోకాండ్రియాలో తల మాట్రిక్స్ వైపు, క్లోరోప్లాస్ట్‌లో స్ట్రోమా వైపు ఉంటుంది. ఏటీపీ అక్కడే తయారవుతుంది.

2. ప్రోటాన్లను తోసేది తల ఉన్న వైపు నుంచి అవతలికి. మాట్రిక్స్ నుంచైతే రెండు పొరల మధ్య ఖాళీలోకి, స్ట్రోమా నుంచైతే థైలకాయిడ్ లోపలి ల్యూమెన్‌లోకి. తిరిగొచ్చేది మాత్రం తల వైపే, పాకాల చెరువు నీళ్లు తూము గుండా పొలాలకు వచ్చినట్టు.

3. ఈ రెండింటి మధ్య తేడా ప్రోటాన్లను తల వైపుకి నెట్టే ఒత్తిడి రకంలో ఉంది. మైటోకాండ్రియాలో ఎక్కువ భాగం పొరకు అటూ ఇటూ ఉండే విద్యుత్ తేడా. థైలకాయిడ్‌లో క్లోరైడ్, మెగ్నీషియం అయాన్లు పొర దాటి ఆ తేడాను చాలావరకు తగ్గించేస్తాయి, అందుకే అక్కడ పీహెచ్ తేడాదే పెద్ద వాటా.

1966లో జాగెండార్ఫ్, ఉరైబ్ చీకట్లోనే థైలకాయిడ్లను పీహెచ్ 4లో నానబెట్టి, ఏడీపీ, ఫాస్ఫేట్ ఉన్న పీహెచ్ 8 ద్రావణంలోకి మార్చారు. వెలుగు లేకుండానే ఏటీపీ వచ్చింది. ల్యూమెన్‌లో చేరిన ప్రోటాన్లు బయటికి, అంటే తల వైపుకే వచ్చాయి.