రక్తం ‘దమ్’ అయితే విశేషణం ‘దమవీ’ ఎందుకైంది?

ప్రశ్న: సార్, నేను హైదరాబాద్‌లో బీఏ అరబిక్ చివరి ఏడాది. ఆస్పత్రుల్లో అరబిక్ అనువాదకురాలిగా చేరాలని ఉంది. దేశాల పేర్ల నుంచి, నామాల నుంచి ‘యా’ అనే అక్షరంతో విశేషణాలు చేసేటప్పుడు స్పెల్లింగ్ తప్పుతోంది. అన్నీ బట్టీ పట్టాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదమ్మా. మూలపదంలో తీసేయాల్సింది ముందు తీసేసి, ఆ తర్వాతే ‘యా’ చేర్చాలి. ఈ వరుస పట్టుబడితే టెన్షన్ చాలావరకు పోతుంది.

హింద్‌కి ‘యా’ చేరిస్తే అది ‘ఈ’ అని పలికి హిందీ అవుతుంది, అంటే భారతీయుడు. హిందీ ఒక్క ముక్క రాని మన జగిత్యాల కార్మికుడు కూడా అరబ్బులకు ‘హిందీ’యే. స్త్రీ అయితే హిందియ్య. ఇక్కడ మూలపదం చెక్కుచెదరలేదు.

అల్-కువైత్‌లో మొదటి ‘అల్’ పోయి కువైతీ అవుతుంది. మక్కా చివర రెండు చుక్కల గుండ్రటి ‘తా మర్బూతా’ ఉంటుంది. అది పోయి మక్కీ. అమ్రీకాలో చివరి అలిఫ్ అక్షరం పోయి అమ్రీకీ. సూరియా, అంటే సిరియా దగ్గర చాలామంది పొరపడతారు. అందులో ‘యా’ ముందే ఉంది కదా అని దాన్ని ఉంచి, పైన ఇంకోటి చేరుస్తారు. పాత ‘యా’ని, అలిఫ్‌ని రెండింటినీ తీసేశాకే కొత్త ‘యా’ పెట్టాలి. అప్పుడు సూరీ వస్తుంది.

అల్-బహ్రైన్ సంగతి వేరు. ఆ మాటకు ‘రెండు సముద్రాలు’ అని అర్థం. వ్యాకరణం ప్రకారం ద్వివచన ప్రత్యయం తీసేయాలి గానీ, తీసేస్తే బహ్రీ మిగులుతుంది. అది సముద్రానికి సంబంధించినది అనే వేరే మాట. అందుకే ‘అల్’ ఒక్కటే తీసి బహ్రైనీ అంటారు.

ఆస్పత్రిలో నీకు ఎక్కువగా పనికొచ్చేది వావ్ అనే అక్షరం చేరే రకం. రక్తం ‘దమ్’. రాతలో రెండే అక్షరాలు. ఇలాంటి పొట్టి మాటలకు ‘యా’ ముందు వావ్ వస్తుంది కాబట్టి దమవీ. ఊపిరితిత్తి ‘రిఆ’. తా మర్బూతా తీస్తే ఇదీ రెండక్షరాలే, కాబట్టి రిఅవీ. మూత్రపిండం ‘కుల్యా’లో తా మర్బూతా పోయాక మిగిలిన ‘యా’యే వావ్‌గా మారి కులవీ అవుతుంది.

రిపోర్టు చదివేటప్పుడు ఇదే పని వెనక నుంచి చెయ్యి. ‘ఇల్తిహాబ్ రిఅవీ’ అని కనిపించిందనుకో. ఇల్తిహాబ్ అంటే వాపు. రెండో మాటలో చివరి ‘యా’ తీసెయ్, వావ్ తీసెయ్, తా మర్బూతా తిరిగి పెట్టు. రిఆ దొరుకుతుంది. అంటే ఊపిరితిత్తుల వాపు, న్యుమోనియా.

బట్టీ పట్టాల్సినవి కొన్నే. మదీనా నుంచి మదనీ, ఖురైష్ అనే తెగ పేరు నుంచి ఖురషీ. వీటిలో మధ్యలో ఉన్న ‘యా’ కూడా పోతుంది. వీటిని నోట్‌బుక్‌లో విడిగా ఒక పేజీలో రాసుకో.