‘తెలియజేయగలరు’ అంటే ఎవరూ ఎందుకు తెలియజేయరు?

సందేహం: మాది చిన్న ప్రింటింగ్ ప్రెస్. బడులకు డైరీలు, ప్రోగ్రెస్ కార్డులు వేస్తాం. హెడ్మాస్టర్లకు వాట్సాప్‌లో పంపే ఉత్తరం చివర “వివరాలకు ఫోన్ చేయగలరు లేదా మా కేటలాగ్ చూడగలరు లేదా మీ అభిప్రాయం తెలియజేయగలరు” అని రాస్తున్నాను. జవాబులు రావడం లేదు. ‘పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడదాం’ అని రాయమంటాడు మా తమ్ముడు. చిన్న ప్రశ్న ఒకటి అడిగి వదిలెయ్యమంటుంది మా ఆవిడ. ఏది సరి? అసలు ‘గలరు’ తప్పా?

సమాధానం: మొదటి ఉత్తరానికి మీ ఆవిడ మాటే సరి. తమ్ముడి మాటకూ చోటుంది, కాని అది రెండో ఉత్తరంలో.

ముందు ‘గలరు’ సంగతి చూద్దాం. అది తప్పు కాదు. ‘చేయగలరు’కు అసలు అర్థం చేసే శక్తి ఉందని. మర్యాద కోసం దాన్ని అభ్యర్థనగా వాడడం కూడా బాగా స్థిరపడింది. అయితే ఆ వాడుక పెరిగింది నోటీసు బోర్డుల మీద, మైకుల్లో. ‘ప్రయాణికులు గమనించగలరు’, ‘వినియోగదారులు సహకరించగలరు’ వంటివి ఊరందరికీ చెప్పే మాటలు. అందరికీ చెప్పిన మాటకు ఎవరూ జవాబివ్వనక్కర్లేదు. మీ హెడ్మాస్టరు గారు కూడా దాన్ని నోటీసులాగే చదివి పక్కన పెడుతున్నారు. ఒక మనిషికి రాసేటప్పుడు ‘అండి’తో ముగిసే క్రియ గాని, ‘ఆ’తో ముగిసే ప్రశ్న గాని రాయండి. అప్పుడు తననే అడుగుతున్నారని వారికి తెలుస్తుంది.

రెండో చిక్కు ఆ మూడు క్రియల్లో ఉంది. తెలుగు వాక్యం బరువంతా చివరి క్రియ మీద ఉంటుంది. మీరు ‘లేదా’ పెట్టి ఒకే వాక్యానికి మూడు ముగింపులు తగిలించారు. చదివేవారు ముందు ఫోన్ చేయాలా, కేటలాగ్ తెరవాలా, అభిప్రాయం రాయాలా అన్నది తేల్చుకోవాలి, ఆ తర్వాత ఆ పని చేయాలి. పైగా మూడింట్లో ‘అభిప్రాయం తెలియజేయడం’ అన్నిటికన్నా కష్టం. చూడని డైరీ మీద ఎవరికైనా అభిప్రాయం ఏముంటుంది? ఉన్నా, దాన్ని నాలుగు వాక్యాల్లో కూర్చి టైప్ చేయాలి. ‘ఏమంటారు?’ అని ముగించినా ఇదే ఇబ్బంది.

తెలుగులో ఒక సౌకర్యం ఉంది. మనం ప్రశ్నకు అవును, కాదు అనే మాటలతోనే జవాబు చెప్పం. ప్రశ్నలోని క్రియనే తిప్పి చెబుతాం. ‘తిన్నారా?’ అంటే ‘తిన్నాను’, ‘ఉందా?’ అంటే ‘ఉంది’. కాబట్టి ప్రశ్నలో మంచి క్రియ ఉంటే జవాబు అందులోనే తయారుగా ఉంటుంది. మీ చివరి వాక్యం ఇలా ఉండొచ్చు:

“పోయిన ఏడాది మేం వేసిన డైరీ ఒకటి నమూనాగా మీ బడికి పంపమంటారా?”

దీనికి ‘పంపండి’ అంటే సరిపోతుంది, అక్కర్లేకపోతే ‘వద్దండి’. ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టినా ఒక్క మాటే. ‘పంపమంటారా’ అన్న రూపంలో ఇంకో గుణం కూడా ఉంది: పని మీది, అనుమతి వారిది. ‘పంపనా?’ అన్నా అర్థం అదే గాని, చనువున్నవారి దగ్గరే బాగుంటుంది. ‘పంపాలా?’ అనేది కాగితం మీద కొంచెం విసుగ్గా, తప్పదా అన్నట్టు వినబడే ప్రమాదముంది. తెలంగాణలో ‘పంపాల్నా?’ అని మామూలుగానే అడుగుతారు, అక్కడ ఆ విసుగు లేదు. కాని అది నోటి మాట. ముఖపరిచయం లేనివారికి రాసే ఉత్తరంలో ‘పంపమంటారా’ రెండు రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది.

‘ఆ’ ఎక్కడ చేరుస్తారన్నది కూడా చూసుకోండి. క్రియకు చేరిస్తే విషయం అడిగినట్టు. ‘డైరీలు ఈ ఏడాది కొత్తగా వేయిస్తున్నారా?’ అన్నది మామూలు ప్రశ్న. ‘డైరీలు వేయించేది మీరా?’ అంటే ఆ నిర్ణయం ఆయన చేతిలో ఉందా అన్న అనుమానం కనిపిస్తుంది. హెడ్మాస్టరు గారికి అది నచ్చదు. ఇక వాక్యం చివర ‘లేదా’ అసలు పెట్టకండి. ‘పంపమంటారా లేదా?’ అని రాశారనుకోండి, హోమ్‌వర్క్ చేయని పిల్లాణ్ని ‘చేస్తావా లేదా?’ అని గద్దించినట్టే ఉంటుంది. రెండో దారి కూడా చూపాలనుకుంటే ‘పంపమంటారా, వద్దా?’ అనండి.

వ్యతిరేక ప్రశ్న ఇంకా చిక్కు. ‘నమూనా అవసరం లేదా?’ అని అడిగితే తెలుగు పద్ధతిలో ‘అవును’ అంటే అవసరం లేదని. ఇంగ్లీష్ అలవాటున్నవారు ‘ఎస్’ అంటే అవసరమే అని. తేల్చుకోవడానికి మీరు ఇంకో మెసేజ్ పెట్టాలి.

ఇప్పుడు ఫోన్. ‘మాట్లాడదాం’ అన్న రూపంలో వినేవారిని కూడా కలుపుకుని మనమే తీర్మానం చేసేశాం. స్నేహితుల మధ్య అది చనువు, కొత్తవారి దగ్గర తొందర. ‘ఒకసారి ఫోన్ చేయండి’ అన్నదీ అంతే. పిల్లల డైరీలో బడి వాళ్లు తల్లిదండ్రులకు ‘ఒకసారి వచ్చి కలవండి’ అని రాస్తే ఇంట్లో ఎంత టెన్షనో మీకు తెలిసే ఉంటుంది. అదే రూపాన్ని మీరు తిరిగి హెడ్మాస్టరుకే పంపడం ఎందుకు? పైగా బడి వేళల్లో ఆయన క్లాసులోనో మీటింగులోనో ఉంటారు. మెసేజ్ అయితే సాయంత్రమైనా చూస్తారు.

అయితే కొన్ని సంగతులు ఒక్క మాటలో తేలవు. పేజీలెన్ని, అట్ట ఏ రకం, బడి ముద్ర ఎన్ని రంగుల్లో, కాపీలెన్ని వంటివి అడుగుతూ పోతే మెసేజులు పదిహేను అవుతాయి. అప్పుడే ఫోన్ అడగాలి. అదీ నమూనా అందాక. ఎవరు చేస్తారు, ఎప్పుడు, దేని గురించి, ఎంతసేపు అన్నవి వాక్యంలో ఉండాలి:

“నమూనా అందిందని సంతోషం. పేజీల లెక్క, అట్ట గురించి గురువారం మధ్యాహ్నం మూడింటికి నేను ఫోన్ చేయమంటారా? అయిదు నిమిషాల పని.”

చూశారుగా, ఇదీ ప్రశ్నే. దీనికీ ‘చేయండి’ అంటే చాలు. ఆ వేళ కుదరకపోతే వారే ‘నాలుగింటికి’ అంటారు. మీ అంతట మీరు రెండు వేళలు ఇవ్వాలనుకుంటే ‘గురువారమా, శుక్రవారమా?’ అని రెండు పేర్లకూ ‘ఆ’ చేర్చండి, అంతకు మించి ఇవ్వకండి.

ఉత్తరం పంపేముందు దాని కింద జవాబు మీరే రాసి చూడండి. ఒకటి రెండు మాటల్లో రాయలేకపోతే ప్రశ్న మార్చాలి. కేటలాగ్ లింకు కూడా ఈ ఉత్తరంలోంచి తీసేయండి. అది చూసి తర్వాత చెబుదాంలే అని పక్కన పెట్టడానికి వీలిస్తుంది.

చివరగా ఒక జవాబు గురించి చెప్పాలి. మీకు ‘చూద్దాం’ అని వస్తుంది, తప్పకుండా వస్తుంది. మన మర్యాదలో అది చాలాసార్లు ‘వద్దు’కు మెత్తని రూపం. దాని మీద ‘ఎప్పుడు చూస్తారు?’ అని వెంటపడకండి. బడులు తెరిచేది జూన్‌లో కాబట్టి, “మే నెల మొదట్లో మళ్లీ అడగమంటారా?” అని ఒక్క వాక్యం రాయండి. ‘అడగండి’ అంటే ఆ తేదీ రాసిపెట్టుకోండి. మౌనంగా ఉంటే ఈ ఏడాదికి ఆ బడిని వదిలెయ్యండి.