1862 వెండి రూపాయిని ఫీజు లెక్కలో ఎంతకు రాసుకోవాలి?

ప్రశ్న: మా అవ్వ ఇచ్చిన 1862 విక్టోరియా వెండి రూపాయలు నాలుగు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో ఇలాంటిది ఒక్కోటి మూడు లక్షలని పెట్టున్నారు. వచ్చే ఏడాది పాప బీటెక్ ఫీజుకు వీటిని నమ్ముకోవచ్చా?
– ఒక గృహిణి, చిత్తూరు

జవాబు: అమ్మా, మూడు లక్షలన్నది అమ్మేవాళ్లు అడుగుతున్న ధర. ఎవరైనా ఇచ్చారా అన్నది ఆ ప్రకటనలో ఉండదు. ఎన్ని నెలలైనా అదే ఫొటో, అదే ధర కనిపిస్తోందంటే కొనేవాళ్లు రాలేదనే అర్థం. మీరు చూడాల్సింది అమ్ముడైన ధరలు.

ముందు వెండి విలువ తేల్చుకోండి. ఈ రూపాయి ముద్రించినప్పుడు బరువు 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం. అంటే దాదాపు 10.7 గ్రాముల వెండి. వాడి అరిగింది కాబట్టి పదిన్నర అనుకుందాం. ఉదాహరణకు గ్రాము 200 చొప్పున వేస్తే 2,100 రూపాయలు. అమ్మే రోజు రేటు పెట్టి మళ్లీ లెక్కేసుకోండి. వెండి కొట్లో తూకం వేయించండి. బరువు బాగా తేడాగా ఉన్నా, అయస్కాంతానికి అంటుకున్నా అది నకిలీ.

ఇక అమ్మకాల రికార్డులు. బెంగళూరులోని మరుధర్ ఆర్ట్స్, ముంబైలోని టోడీవాలా లాంటి నాణేల వేలం సంస్థలు పాత వేలాల ఫలితాలను తమ సైట్లలో పెడతాయి. అక్కడ ఒక్కో నాణేనికి అంచనా ధర, పలికిన ధర విడివిడిగా ఉంటాయి. అంచనాను వదిలేసి పలికిన ధరే రాసుకోండి. అమ్ముడుపోని నాణేలను కూడా లెక్కపెట్టండి. పది పెడితే నాలుగే అమ్ముడైతే, మీవి కూడా మొదటిసారే పోతాయన్న నమ్మకం లేదు.

అమ్ముడైన నాణెం మీ దానిలాంటిదే అని తేల్చుకోవడమే అసలు పని. 1862 అన్న తేదీని టంకశాలలు ఆ తర్వాత చాలా ఏళ్లు మార్చకుండా ముద్రించాయి. ఏ ఏడాదిదో గుర్తుకు బొంబాయి టంకశాల చిన్న చుక్కలు పెట్టింది. తేదీ కింద, పైన పువ్వు దగ్గర ఎన్ని చుక్కలున్నాయో భూతద్దంతో చూడండి. చుక్కల లెక్క మారితే ధర కూడా మారుతుంది. తర్వాత నాణెం స్థితి. మన ఇళ్లల్లో ఇలాంటి రూపాయలకు కొక్కెం అతికించి దండలో వేసుకోవడం మామూలే. ఆ టంకం మచ్చ ఉంటే సేకరించేవాళ్లు వెండి ధరకు కొంచెం పైన ఇస్తే గొప్ప. దయచేసి చింతపండుతో తోమకండి, నిగనిగలాడేలా తోమిన నాణేనికి విలువ పడిపోతుంది.

ఉదాహరణకు, మీ నాణెం లాంటివి ఈ మధ్య 2,600, 2,800, 3,100, 3,400, 4,000, 42,000 చొప్పున పలికాయనుకోండి. 42,000 దాన్ని తెరిచి చూస్తే అది అస్సలు అరగనిది, నాణేల స్థితిని పరీక్షించి గ్రేడు ఇచ్చే సంస్థ ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసింది అయి ఉంటుంది. మీది అలాంటిది కాదు కాబట్టి తీసేయండి. మిగిలిన ఐదింటిలో నడిమి ధర 3,100. సగటు వేయకండి, 42,000 అందులో చేరితే దాదాపు పది వేలు వచ్చి మిమ్మల్ని మోసం చేస్తుంది. పలికిన ధరలో కొనేవాళ్లు అదనంగా కట్టే ప్రీమియం, జీఎస్టీ కలిసి ఉన్నాయేమో చూడండి. ఉంటే ముందే తీసేయాలి. తర్వాత మీ దగ్గర పట్టుకునే కమిషన్ పదిహేను శాతం అనుకుంటే చేతికి 2,635 వస్తుంది. నాలుగు కలిపి సుమారు పదివేల ఐదు వందలు.

ఈబేలో Sold items అని పెట్టి వెతికితే ఈ మధ్య అమ్ముడైనవి కనిపిస్తాయి. బేరమాడి కొన్నచోట అడిగిన ధర కొట్టేసి ఉంటుంది కానీ, చివరికి ఎంత ఇచ్చారో తెలియదు. అలాంటివి వదిలేయండి. పైగా లండన్‌లో పలికిన ధర మీకు పనికిరాదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణేలను మనం విదేశాలకు పంపకూడదు. మీకున్న మార్కెట్ మన దేశంలోనిదే.

అందుకని మీకు కూడా ఇలాంటి ధరలే తేలితే, ఫీజు పట్టికలో ఈ నాలుగింటికీ కలిపి 10,000 రాసి, మిగతాది రికరింగ్ డిపాజిట్‌లోనో విద్యా రుణంలోనో చూసుకోండి. చుక్కల్లో అరుదైన రకం తేలితే అప్పుడు లెక్క మార్చుకుందాం. "మూడు లక్షలకు కొంటాం, ముందు రిజర్వు బ్యాంకు చార్జీ కట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే వెంటనే ఫోన్ కట్ చేయండి. పాత నాణేల పేరిట ఇలా వసూళ్లు చేస్తున్నారని 2021లో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది. అది ఇలాంటి చార్జీలేవీ తీసుకోదు.