ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూకు ముందు వార్షిక నివేదికలో ఏం చదవాలి?

ప్రశ్న: నేను ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. అరిణాం అక్కివలసలోని ఎన్ఏసీఎల్ ఇండస్ట్రీస్ పురుగుమందుల కర్మాగారంలో ఇంటర్న్‌షిప్‌కు వచ్చే వారం ఇంటర్వ్యూ ఉంది. వెబ్‌సైట్ చూశాను కానీ, వార్షిక నివేదిక వందల పేజీలు ఉంది. నా దగ్గర ఉన్నది ఫోన్ మాత్రమే. ఏం చదవాలి?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: నివేదిక కంటే ముందు వెబ్‌సైట్‌లోని ఉత్పత్తుల పేజీలను మరోసారి తెరవండి. పురుగుమందుల పరిశ్రమలో సరుకు రెండు రకాలుగా ఉంటుంది. మందులో అసలు పనిచేసే రసాయనాన్ని అధిక స్వచ్ఛతతో తయారుచేస్తే దానిని టెక్నికల్ అంటారు. దానికి ద్రావకాలు, ఇతర పదార్థాలు కలిపి రైతు పిచికారీ చేయగల రూపానికి తెస్తే అది ఫార్ములేషన్ అవుతుంది. ఈ సంస్థ టెక్నికల్స్‌ను అరిణాం అక్కివలసలోనూ, ఫార్ములేషన్లను గోదావరి ప్రాంతంలోని ఈతకోటలోనూ తయారుచేస్తోంది. అంటే మీరు వెళుతున్నది రసాయన సంశ్లేషణ జరిగే చోటికి. కాబట్టి దుకాణాల్లో కనిపించే బ్రాండ్ల పేర్లు గుర్తుపెట్టుకోవడం కన్నా, టెక్నికల్స్ జాబితా నుంచి రెండు మూడు రసాయనాలను ఎంచుకొని, వాటి నిర్మాణం, అవి చెందిన వర్గం, అవి అరికట్టే తెగులు చదువుకోవడం మేలు. ఆ జాబితాలో ట్రైసైక్లజోల్ కనిపించిందనుకోండి, అది మన జిల్లా వరి రైతులకు తెలిసిన అగ్గి తెగులుకు వాడే శిలీంద్రనాశని అని చెప్పగలగాలి.

ఇక నివేదిక. దానిని మొదటి పేజీ నుంచి చదవకండి. పీడీఎఫ్‌ను ఫోన్‌లోకి దించుకొని, భూతద్దం గుర్తును నొక్కి ఈ మాటలను ఒక్కొక్కటిగా వెతకండి:

```
Technology Absorption
Arinama
Srikakulam
```

మొదటి మాట మిమ్మల్ని డైరెక్టర్ల నివేదికకు చేర్చిన ఒక అనుబంధానికి తీసుకువెళుతుంది. ఇంధన పొదుపుకు ఏం చేశారో, ఏ సాంకేతికతను అందిపుచ్చుకున్నారో, పరిశోధనకు ఎంత ఖర్చుపెట్టారో ప్రతి ఏటా చెప్పాలని కంపెనీల చట్టం నిర్దేశించడం వల్ల ఈ పేజీలు వచ్చాయి. నా దృష్టిలో సైన్సు, ఇంజనీరింగు విద్యార్థులకు మొత్తం నివేదికలో ఇంతకన్నా పనికివచ్చే భాగం లేదు. అయితే చాలా కంపెనీలు ఇక్కడ గత ఏడాది వాక్యాలనే తిరిగి రాస్తుంటాయి. కాబట్టి ముందటి ఏడాది నివేదికను కూడా దించుకొని అవే పేజీలను పక్కన పెట్టి చూడండి. కొత్తగా చేరిన వాక్యమేదో, అదే ఆ ఏడాది నిజంగా జరిగిన పని అయ్యే అవకాశం ఎక్కువ. వెతికినప్పుడు ఒక్క ఫలితం కూడా రాకపోతే ఆ పీడీఎఫ్ స్కాన్ చేసిన బొమ్మ కావచ్చు, లేదా ఊరి పేరు వేరే స్పెల్లింగుతో ఉండవచ్చు. అప్పుడు విషయసూచిక చూసి నేరుగా ఆ పేజీకి వెళ్లాలి. తర్వాత Management Discussion and Analysis అనే భాగాన్ని మాత్రం పూర్తిగా చదవండి. అమ్మకాలు ఎందుకు పెరిగాయో, ఎందుకు తగ్గాయో యాజమాన్యం తన మాటల్లో అక్కడ వివరిస్తుంది. సంస్థ తన గురించి తాను చెప్పుకున్న మాటలు కాబట్టి, ఆ వివరణను పక్కనున్న అంకెలతో సరిచూసుకోండి. ఆడిటరు నివేదికను, లెక్కల వెనుక వచ్చే సుదీర్ఘమైన నోట్లను ఈసారికి వదిలేయవచ్చు.

నివేదిక మార్చి 31 నాటి పరిస్థితిని చూపిస్తుంది, పైగా ఆ తేదీ గడిచిన కొన్ని నెలలకు గాని మన చేతికి రాదు. ఈ సంస్థ విషయంలోనే ఆ తేడా ఎంత పెద్దదో చూడండి. మురుగప్ప గ్రూపునకు చెందిన కోరమాండల్ ఇంటర్నేషనల్, ఎన్ఏసీఎల్‌లో సుమారు 53 శాతం వాటా కొంటున్నట్లు 2025 మార్చిలో ప్రకటించింది. 2023-24 నివేదికను మాత్రమే చదివి వెళ్లిన విద్యార్థికి ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు, యాజమాన్యం గురించి అడిగితే పాత సమాధానమే చెబుతారు. కాబట్టి బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీ సైటు bseindia.com లో సంస్థ పేరు వెతికి, Corp Announcements అనే చోట గత ఏడాదిన్నర ప్రకటనల శీర్షికలు చూడండి. వాటా లావాదేవీలు, డైరెక్టర్ల మార్పులు, కర్మాగారంలో ఉత్పత్తి ఆగడం వంటి ముఖ్య సంఘటనలను లిస్టెడ్ సంస్థ, అంటే స్టాక్ ఎక్స్ఛేంజీలో షేర్లు నమోదైన సంస్థ, ఆ ఎక్స్ఛేంజీకి స్వయంగా తెలియజేయాలి. పత్రికల్లో వచ్చే వ్యాపార వార్తల్లో చాలావాటికి ఆ ప్రకటనే మూలం. జిల్లా వార్తలకు మాత్రం పత్రికలే దిక్కు. వాటి కోసం గూగుల్‌లో ఇలా వెతికితే పాతవి పక్కకు పోతాయి:

```
"NACL Industries" Srikakulam after:2025-01-01
```

మీ స్నేహితులకు వేరే సంస్థల్లో ఇంటర్వ్యూలు ఉంటే, ముందుగా ఆ సంస్థ సీఐఎన్ చూడమనండి. ఇది 21 అక్షరాలు, అంకెలు కలిసిన గుర్తింపు సంఖ్య, సాధారణంగా వెబ్‌సైట్ అడుగు భాగంలోనో లెటర్‌హెడ్‌పైనో ఉంటుంది. అది L తో మొదలైతే లిస్టెడ్ సంస్థ, పైన చెప్పినవన్నీ ఉచితంగా దొరుకుతాయి. U తో మొదలైతే ఎక్స్ఛేంజీలో వెతికినా సాధారణంగా ఫలితం ఉండదు. కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ సైటు mca.gov.in లో రుసుము కట్టి ఆ సంస్థ దాఖలు చేసిన పత్రాలను చూడవచ్చు.