గుంటూరు కరువు ప్రాజెక్టు, వైవాలో సోర్సుల మీద వచ్చే ప్రశ్నలు

ప్రశ్న: ఎం.ఏ. హిస్టరీ ఫైనల్ ఇయర్. 1832-33 గుంటూరు కరువు మీద ప్రాజెక్టు చేశాను. ఇంకొన్ని రోజుల్లో వైవా. కథంతా వచ్చు కానీ సోర్సులు, మెథడాలజీ మీద గుచ్చి గుచ్చి అడుగుతారంటున్నారు, చాలా టెన్షన్‌గా ఉంది. ఏం అడుగుతారు, ఎలా ప్రిపేర్ అవ్వాలి?

జవాబు:

నా ఎం.ఏ. ప్రాజెక్టు కూడా ఈ కరువు మీదే. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు నా ప్రాజెక్టు చేతిలోకి తీసుకుని ముందు చివరి పేజీలు తిప్పారు. గ్రంథసూచిలో ఒక వరుస మీద వేలు పెట్టి, "ఇది నువ్వు చూశావా, ఇంకెవరో చూసి రాస్తే అందులోంచి తీసుకున్నావా?" అన్నారు. తర్వాత అడిగినవన్నీ దాదాపు అందులోంచి పుట్టినవే. అందుకే అధ్యాయాలు మళ్ళీ మళ్ళీ చదవడం ఆపి, ఫుట్‌నోట్లు దగ్గర పెట్టుకుని కూర్చోండి.

మీ వాదన మొత్తం ఆధారపడిన నాలుగైదు వాక్యాలు ఏరి, ఒక్కో దానికి ఒక్కో కాగితం తీసుకోండి. ఆ మాట మొదట ఎవరు రాశారు, కరువుకు ఎన్నేళ్ళ తర్వాత రాశారు, వాళ్ళకు ఎలా తెలిసింది, నేను దాన్ని ఎక్కడ చూశాను అన్నవి మాత్రమే రాయండి. జవాబు లేని చోట ఖాళీ వదలండి. ప్రశ్న వచ్చేది అక్కడి నుంచే.

చావుల లెక్క చూడండి. మీరూ రాసే ఉంటారు: జిల్లా జనాభా ఐదు లక్షలైతే అందులో రెండు లక్షల దాకా పోయారని. కొన్నిచోట్ల లక్షన్నర అని ఉంటుంది. ఎగ్జామినర్ మొదట అడిగేది, "ఆ ఐదు లక్షలు ఎవరు లెక్కపెట్టారు?" అని. మద్రాసు ప్రెసిడెన్సీలో పద్ధతి ప్రకారం మొదటి జనగణన జరిగింది 1871లో. అంతకుముందువి రెవెన్యూ సిబ్బంది ఊళ్ళ నుంచి తెప్పించుకున్న లెక్కలు. రెండో ప్రశ్న దీనికన్నా గట్టిది: "జనాభా తగ్గిందంటే అంతమందీ చనిపోయినట్టేనా?" కాదు. ఊళ్ళు ఖాళీ చేసి మద్రాసు దారి పట్టినవాళ్ళున్నారు. కొందరు దారిలోనే పోయారు, కొందరు మళ్ళీ తిరిగి రాలేదు. తగ్గిన సంఖ్యలో చావులూ వలసలూ కలిసిపోయి ఉంటాయి. కాబట్టి "రెండు లక్షల మంది చనిపోయారు" అన్న వాక్యాన్ని వెనకేసుకు రావద్దు. "ఈ అంకె జిల్లా కోల్పోయిన జనానికి అప్పటివాళ్ళు వేసిన అంచనా, చావులను విడిగా లెక్కపెట్టిన పత్రం నాకు దొరకలేదు, అందుకే దీన్ని పై హద్దుగా తీసుకున్నాను" అనండి. నేను ఇంచుమించు ఇలాగే చెప్పాను. ఆయన తల ఊపి తర్వాతి పేజీకి వెళ్ళారు.

మెకంజీ పేరు మీద కూడా ఒక ప్రశ్న దాదాపు ఖాయం. ఊళ్ళ చరిత్రలు చెప్పే కైఫియత్తులు సేకరించిన కాలిన్ మెకంజీ 1821లోనే చనిపోయారు, ఈ కరువు ఆయన చూడలేదు. కృష్ణా జిల్లా మాన్యువల్ రాసిన గోర్డన్ మెకంజీ వేరే ఆయన. ఆ పుస్తకం వచ్చింది 1883లో, అంటే కరువు తర్వాత యాభై ఏళ్ళకు. ఫుట్‌నోటులో ఉత్త "మెకంజీ" అని ఉంటే ఏ మెకంజీయో తప్పకుండా అడుగుతారు. గుంటూరు సంగతి కృష్ణా మాన్యువల్లో ఎందుకుందో కూడా చెప్పగలగాలి. 1859లో గుంటూరును మచిలీపట్నంతో కలిపి కృష్ణా జిల్లా చేశారు, మళ్ళీ విడదీసింది 1904లో. ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్రను వాడుకుని ఉంటే, ఆయన తిరిగొచ్చింది 1831లోనని మరిచిపోవద్దు. అది కరువుకు ముందున్న స్థితికి సాక్ష్యం, కరువుకు కాదు.

తారీఖుల సంగతి చాలామంది పట్టించుకోరు. జనం దీన్ని నందన కరువు అన్నారు. నందన నామ సంవత్సరం 1832 ఉగాది నుంచి 1833 ఉగాది దాకా. వానలు పోయింది ఆ ఏడాదే, కానీ చావులు 1833లోకి, అంటే విజయ సంవత్సరంలోకి కూడా సాగాయి. రెవెన్యూ లెక్కలు ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరాల్లో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, కాబట్టి ఫసలీ 1242 అంటే 1832 జూలై నుంచి 1833 జూలై దాకా. మీ పట్టికలో 1242 ఎదురుగా "1832" అని మాత్రమే ఉంటే, వైవాకు ముందే ఒక కాగితం మీద సరిచేసి తీసుకెళ్ళండి.

ఇక మెథడ్. నా దృష్టిలో అసలు పరీక్ష ఇక్కడే. "నీ ఆధారాలన్నీ కంపెనీ రెవెన్యూ కాగితాలే కదా, వాటిని ఎందుకు నమ్మాలి?" అంటారు. "బ్రిటిష్ వాళ్ళ పక్షపాతం ఉంటుంది సార్" అని సరిపెట్టకండి, ఆ మాట అందరూ అంటారు. గుంటూరుకు సంబంధించి చెప్పాల్సినవి రెండున్నాయి. ఒకటి, అప్పట్లో జిల్లాలో చాలా భాగం జమీందారీ. ఆ లెక్కల్లో జమీందారు కంపెనీకి ఎంత బాకీ ఉన్నాడో కనిపిస్తుంది, రైతు ఇంట్లో గింజలున్నాయో లేదో కనిపించదు. వసూలు పడిపోయిందంటే పంట పోయిందని అనుకోవచ్చు గానీ, ఎంతమంది పోయారో దాన్నుంచి చెప్పలేం. రెండు, మద్రాసుకు చేరే సమాచారం కలెక్టరు కచేరీలోని స్థానిక ఉద్యోగుల చేతుల మీదుగా వెళ్ళేది. ఏది పైకి పంపాలో ఏది తొక్కిపెట్టాలో వాళ్ళకు తెలుసు. రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ గుంటూరు జిల్లా మీద 1965లో అచ్చువేసిన పరిశోధనలో వాదన చాలావరకు ఇదే. ఆయన్ని చదివి ఉంటే, ఆ వాదన ఒప్పుకుంటూ అవే కాగితాలు మీరెలా వాడారో చెప్పాలి. ఉదాహరణకు, కచేరీకి దాచాల్సిన అవసరం లేని విషయాలకు ఆ కాగితాలను నమ్మాను, తన తప్పు బయటపడే చోట వేరే సాక్ష్యం ఉంటేనే తీసుకున్నాను అనొచ్చు. నిజంగా అలా చేసి ఉంటేనే అనండి. వెంటనే "ఒక చోటు చూపించు" అంటారు, పేజీ నంబరు సిద్ధంగా ఉండాలి.

పెద్దవాళ్ళ నోట విన్న కథలు కూడా చేర్చారా? అయితే "ఇది 1833 కరువే అని ఎలా తెలుసు?" అన్నదానికి సిద్ధపడండి. 1876-78 ధాత కరువు జ్ఞాపకాలు దీంతో కలిసిపోతాయి. పైగా అరవై ఏళ్ళకు, 1892-93లో, నందన మళ్ళీ వచ్చింది. నేను వాడిన పరీక్ష చిన్నది. కథలో రైలు మీద బియ్యం వచ్చిందని ఉన్నా, కృష్ణ కాలవ మాట ఉన్నా అది ఈ కరువు కాదు. బెజవాడ ఆనకట్ట పూర్తయింది 1855లో, మద్రాసులో మొదటి రైలు నడిచింది 1856లో. అలాంటి ఆనవాలు ఏదీ లేని కథ కూడా 1833దేనని రుజువైనట్టు కాదు. దాన్ని "కరువు జ్ఞాపకం" కింద విడిగా పెట్టానని చెప్పండి.

చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌కు వెళ్ళలేకపోయి ఉంటే దాచొద్దు. బోర్డ్ ఆఫ్ రెవెన్యూ ప్రొసీడింగ్స్ వేరేవాళ్ళ పుస్తకంలో చూసి ఉంటే, "ఫలానా పుస్తకంలో ఉదహరించినది" అని ఫుట్‌నోటు మార్చి, సవరణల కాగితంలో జతచేయండి. ఎం.ఏ. స్థాయిలో దానికి ఎవరూ తప్పుపట్టరు, చూడనిది చూసినట్టు రాస్తేనే చిక్కు.

చివర్లో సాధారణంగా "ఇంకో ఆరు నెలలుంటే ఏం చేస్తావు?" అని అడుగుతారు. "మరిన్ని సోర్సులు చూస్తాను" అంటే కుదరదు. నేనైతే నెల్లూరు, మద్రాసు జిల్లాల 1833 కాగితాలు చూస్తానన్నాను. గుంటూరు వదిలి దక్షిణానికి నడిచినవాళ్ళు అక్కడి లెక్కల్లో కనిపిస్తే, ఆ రెండు లక్షల్లో బతికి బయటపడినవాళ్ళెందరో కొంతైనా తేలుతుంది.