ఫ్లోటింగ్ చార్జిని ‘మొదటి హక్కు’ అనవచ్చా?

సందేహం: ఒక కంపెనీ అప్పు ఒప్పందాన్ని తెలుగు చేస్తున్నాను. సరుకు నిల్వల మీద, రావలసిన బాకీల మీద బ్యాంకుకు ‘ఫ్లోటింగ్ చార్జి’ ఉందట. ‘నిల్వలను, బాకీలను తాకట్టు పెట్టడమైనది, వాటిపై మొదటి హక్కు బ్యాంకుదే’ అని రాశాను. చూసిన ఆడిటర్ గారు రెండు ముక్కలూ తప్పే అన్నారు. ముందు అప్పిచ్చినవాడికి మొదటి హక్కు లేకపోవడమేమిటి? మరి ఎలా రాయాలి?

సమాధానం: ఆడిటర్ గారు చెప్పింది నిజమే. వీటిలో ‘తాకట్టు’ సంగతి చిన్నది. తాకట్టు పెట్టామంటే వస్తువు అప్పిచ్చినవాడి చేతికి వెళ్ళిందని తెలుగువాడికి అర్థమవుతుంది. తనఖా అంటే ఆస్తి మన దగ్గరే ఉన్నా, ఫలానా ఇల్లు, ఫలానా పొలం అని వేలు పెట్టి చూపించగలగాలి. చార్జి అంటే అప్పు తీరకపోతే ఆ ఆస్తుల్లోంచి రాబట్టుకునే హక్కు. ఫ్లోటింగ్ చార్జిలో ఈ రెండూ ఉండవు. బ్యాంకులవాళ్ళు, ఆడిటర్లు, లాయర్లు అందరూ తెలుగులో మాట్లాడేటప్పుడు కూడా ‘చార్జి’ అనే అంటారు. అది మన మాటైపోయింది కాబట్టి ‘ఫ్లోటింగ్ చార్జి’ అనే ఉంచేయండి.

అసలు చిక్కు ‘మొదటి హక్కు’ దగ్గరుంది. అది తేలాలంటే ఈ చార్జి రోజువారీగా ఎలా పనిచేస్తుందో చూడాలి.

గోదాములో ఉన్న ఒక పెట్టెను తీసుకుందాం. పొద్దున అది కంపెనీ సరుకు కాబట్టి చార్జి కింద ఉంది. మధ్యాహ్నం ఒక వ్యాపారి దాన్ని అరువు మీద కొన్నాడు. అతను బ్యాంకును అడగనక్కర్లేదు. పెట్టె గోదాము దాటి అతనిదైన క్షణాన చార్జి దాన్ని వదిలేస్తుంది. దాని బదులు అతను కంపెనీకి ఇవ్వాల్సిన బాకీ చార్జి కిందికి వస్తుంది. నెల తిరిగాక అతను డబ్బు కడితే ఆ బాకీ కూడా పోతుంది. వచ్చిన డబ్బుతో కంపెనీ జీతాలిస్తుంది, కొత్త సరుకు తెస్తుంది. ఆ కొత్త సరుకు మళ్ళీ చార్జి కిందికి వస్తుంది. అంటే చార్జి ఉన్నది ఏ ఒక్క పెట్టె మీదా కాదు, వస్తూ పోతూ ఉండే ఆ రాశి మీద. మామూలు వ్యాపారంలో దాన్ని అమ్ముకోవడానికి, వాడుకోవడానికి కంపెనీకి బ్యాంకే అనుమతి ఇచ్చింది. ఇంగ్లండు కోర్టులు ఈ పద్ధతిని 1870 నాటికే గుర్తించాయి. దాని లక్షణాలేమిటో 1903లో యార్క్‌షైర్ వూల్‌కోంబర్స్ కేసులో విడమరిచి చెప్పాయి. ఆ న్యాయ సంప్రదాయం ఉన్న చాలా దేశాల్లో ఈ చార్జికి మూలం అదే.

ఈ అనుమతి ఎప్పటిదాకా? కంపెనీ మూతపడి, ఆస్తులమ్మి అప్పులు తీర్చే లిక్విడేషన్‌లోకి వెళ్ళేదాకా, వ్యాపారం ఆపేసేదాకా, లేదా ఒప్పందం ప్రకారం బ్యాంకు ఆ ఆస్తులను చేతిలోకి తీసుకునే రిసీవర్‌ను పెట్టేదాకా. అలాంటిది ఏదైనా జరిగితే ఆ నిమిషాన గోదాములో ఏముందో, ఎవరెవరు ఎంత బాకీ ఉన్నారో వాటి మీద చార్జి బిగుసుకుంటుంది. ఇకపై కంపెనీ వాటిని తన ఇష్టానికి అమ్ముకోలేదు. దీన్ని తెలుగులో ‘చార్జి స్థిరపడటం’ అంటే చాలు. తర్వాత వచ్చిన అప్పులవాళ్ళతో బ్యాంకుకు పేచీ వచ్చినప్పుడు ఈ స్థిరపడటానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అన్నదే చాలావరకు తేల్చేస్తుంది.

ఒక లెక్క చూద్దాం. కంపెనీ బ్యాంకు దగ్గర 50 లక్షలు తీసుకుని నిల్వల మీద, బాకీల మీద ఫ్లోటింగ్ చార్జి ఇచ్చింది. ‘ఈ చార్జికి ముందు నిలిచే మరో చార్జి ఎవరికీ ఇవ్వకూడదు’ అన్న షరతు కూడా ఒప్పందంలో ఉంది. ఏడాది తర్వాత ఒక ఫైనాన్స్ సంస్థ 20 లక్షలు ఇచ్చి, ఒక పెద్ద కొనుగోలుదారు నుంచి రావలసిన 15 లక్షల బాకీ మీద స్థిర చార్జి, అంటే మొదటి నుంచీ ఆ ఒక్క బాకీకే అతుక్కుని ఉండే చార్జి, రాయించుకుంది. ఆ బాకీ వసూలు తన ఖాతాలోకే రావాలని, అందులోంచి కంపెనీ ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదని కట్టడి చేసింది. ఇంకా తర్వాత ఒక సరఫరాదారు ఏ హామీ లేకుండా 10 లక్షల సరుకు అరువిచ్చాడు. కంపెనీ మూతపడింది. నిల్వలు అమ్మితే 30 లక్షలు, బాకీలు వసూలు చేస్తే ఆ పెద్ద కొనుగోలుదారుడి 15తో కలిపి 25 లక్షలు వచ్చాయి. మొత్తం 55. లిక్విడేషన్ ఖర్చులు 4 లక్షలు, చట్టం ముందు చెల్లించమన్న జీతబకాయిలు 6 లక్షలు. వేరే ఆస్తులేమీ లేవు.

బ్యాంకు షరతు సంగతి ఫైనాన్స్ సంస్థకు తెలియదనుకోండి. అప్పుడు పెద్ద కొనుగోలుదారుడి 15 లక్షలు ఫైనాన్స్ సంస్థకే పోతాయి. బ్యాంకు ఏడాది ముందు వచ్చినా సరే. ఎందుకంటే ఆస్తుల్ని మామూలు వ్యాపారంలో వాడుకోమని కంపెనీకి బ్యాంకే వీలిచ్చింది. ఆ వీలుతోనే కంపెనీ ఫలానా బాకీ మీద మరొకరికి గట్టి హక్కు ఇవ్వగలిగింది. మిగిలిన 40 లక్షల్లోంచి ఖర్చులు 4, జీతాలు 6 పోతే బ్యాంకుకు 30 మిగులుతాయి. దానికి రావలసిన మిగతా 20 లక్షలు ఏ హామీ లేని బాకీ అయిపోతాయి. సరఫరాదారు 10 లక్షలకు, ఫైనాన్స్ సంస్థకు మిగిలిన 5 లక్షలకు కూడా ఇప్పుడు అదే వరస. ముగ్గురికీ ఇవ్వడానికి ఇక ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు ఒక్కటి మారుద్దాం. ఆ షరతు ఫైనాన్స్ సంస్థకు ముందే తెలుసు. తెలిసి కూడా చార్జి రాయించుకుంది. అప్పుడు ఆ 15 లక్షల మీద కూడా బ్యాంకే ముందుంటుంది. ఖర్చులు, జీతాలు పోగా 45 లక్షలు బ్యాంకుకు వస్తాయి. ఫైనాన్స్ సంస్థకు ఏమీ రాదు. తేదీలు, సంతకాలు, మొత్తాలు అన్నీ అవే. మారింది ఒకరికి ఒక షరతు తెలియడం, అంతే. ఇక్కడొక మెలిక ఉంది. ఫ్లోటింగ్ చార్జి రిజిస్టరైందని తెలియడం వేరు, అందులో ఫలానా షరతు ఉందని తెలియడం వేరు. మొదటిది తెలిసినంత మాత్రాన రెండోది తెలిసినట్టు కాదని పాత తీర్పులు చెబుతున్నాయి. అందుకే బ్యాంకులు ఇలాంటి షరతును రిజిస్ట్రేషన్ వివరాల్లో కూడా కనపడేలా రాయిస్తాయి.

తర్వాత వచ్చినవాడు కూడా ఫ్లోటింగ్ చార్జే తీసుకుని ఉంటే ఇంత గొడవ లేదు. అదే ఆస్తుల మీద రెండు ఫ్లోటింగ్ చార్జీలుంటే, వేరే ఏర్పాటు లేనంతవరకు మొదట వచ్చిందే ముందు. హామీ లేని సరఫరాదారు కంటే బ్యాంకు ఎలాగూ ముందే ఉంటుంది. కానీ అతను ఊరుకోకుండా కోర్టుకెక్కి డిక్రీ తెచ్చుకుని, చార్జి స్థిరపడకముందే దాన్ని పూర్తిగా అమలు చేయించి డబ్బు చేతిలో వేసుకుంటే, ఆ డబ్బు అతనిదే. 1910లో ఇవాన్స్ కేసులో ఇంగ్లండు అప్పీలు కోర్టు ఇదే దారిన నడిచింది. అందులో చార్జి ఉన్నవారు డిక్రీదారు జప్తు చేసిన బ్యాంకు ఖాతాలోని డబ్బు తమదేనంటూ నోటీసు పంపారు. అంత మాత్రాన చార్జి స్థిరపడదని, కాబట్టి డిక్రీదారే నెగ్గుతాడని కోర్టు అంది. కంపెనీ వ్యాపారం మామూలుగా సాగిపోతుండగా ఒక్క ఆస్తిని మాత్రం వేరు చేసి లాక్కోవడం ఈ చార్జితో కుదరదు.

జీతబకాయిల సంగతి మళ్ళీ వేరు. అవి తర్వాత పుట్టిన బాకీలే కావచ్చు, వాటికి ఏ హామీ పత్రమూ లేకపోవచ్చు. అయినా ఫ్లోటింగ్ చార్జి కింద ఉన్న ఆస్తుల్లోంచి వాటిని ముందు తీర్చమని చట్టం అంటుంది. ఏవేవి ముందు తీర్చాలి, ఎంత మేరకు అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లోనైతే ఇవి కాక, ఫ్లోటింగ్ చార్జి ఆస్తుల్లో కొంత భాగాన్ని హామీ లేని అప్పులవాళ్ళ కోసం పక్కన పెట్టాలి కూడా. స్థిర చార్జి కింద ఉన్న ఆస్తి మీద అక్కడ ఈ కోతలు పడవు. అందుకే అప్పిచ్చేవాళ్ళకు ‘స్థిర’ అన్న మాట మీద అంత మోజు.

మాటలతో పనిచేసేవాళ్ళం కాబట్టి మనం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సిన తీర్పు ఒకటుంది. బాకీల మీద తమది ‘స్థిర చార్జి’ అని రాయించుకుని, వసూలైన డబ్బును మాత్రం మామూలు ఖాతాలో వేసి కంపెనీని వాడుకోనిచ్చే బ్యాంకులు ఉండేవి. 1979 నాటి ఒక తీర్పు దాన్ని ఒప్పుకుంది కూడా. 2005లో స్పెక్ట్రమ్ ప్లస్ కేసులో అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్ని కొట్టేసింది. పత్రంలో పేరేదైనా సరే, వసూలైన డబ్బు కంపెనీ స్వేచ్ఛగా వాడుకోగలిగితే అది ఫ్లోటింగ్ చార్జే అంది. కాబట్టి మీ పత్రంలో ‘స్థిర’ అని కనపడితే అలాగే తెలుగు చేయండి, కానీ వసూలు ఖాతా గురించి రాసిన పేరాను రెండుసార్లు చదవండి. ఆ ఖాతాలోంచి డబ్బు తీయడానికి ఎవరి అనుమతి కావాలన్న వాక్యంలో కర్త ఎవరో తెలుగులో తేటగా ఉండాలి. ‘డబ్బు తీయబడవచ్చు’ అని కర్త లేకుండా రాస్తే చార్జి ఏ రకమో తేల్చే మాటే మాయమైపోతుంది.

ఇక మీ వాక్యానికి వద్దాం. తెలుగులో ‘మొదటి హక్కు’ అని ఊరికే అంటే అందరికంటే ముందని అర్థం. పై లెక్కలో బ్యాంకు కొందరికంటే ముందుంది, కొందరికంటే వెనకుంది. మూలంలో ‘మొదటి’ అనే మాట ఉంటే ‘మొదటి ఫ్లోటింగ్ చార్జి’ అనండి. అది నిజం, ఎందుకంటే తర్వాత వచ్చే ఫ్లోటింగ్ చార్జీల కంటే అది ముందే. మూలంలో ఆ మాట లేకపోతే మీరు చేర్చకండి. మీరు చెప్పినదాన్ని బట్టి మీ పత్రంలోనూ ఆ షరతు లాంటిది ఉంటే, ఇలా రాయవచ్చు:

‘కంపెనీకి ఇప్పుడున్న, ఇకముందు రాబోయే సరుకు నిల్వల మీద, రావలసిన బాకీల మీద బ్యాంకుకు ఫ్లోటింగ్ చార్జి ఇవ్వడమైనది. చార్జి స్థిరపడేవరకు కంపెనీ తన మామూలు వ్యాపారంలో భాగంగా ఆ నిల్వలను అమ్ముకోవచ్చు, బాకీలను వసూలు చేసుకోవచ్చు, వచ్చిన డబ్బు వాడుకోవచ్చు. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప, ఈ చార్జికి ముందుగా గానీ సమానంగా గానీ నిలిచే మరే చార్జినీ కంపెనీ ఈ ఆస్తుల మీద ఎవరికీ ఇవ్వకూడదు.’

‘ఇకముందు రాబోయే’ అన్న మాటను మాత్రం వదిలేయకండి. అది లేకపోతే ఈరోజు గోదాములో ఉన్న పెట్టెలు అమ్ముడుపోయాక చార్జికి ఏమీ మిగలదని వాదించడానికి దారి దొరుకుతుంది. అలాగే ‘బాకీలు’ అని ఒంటరిగా రాయకండి. తెలుగులో మనకు రావలసిందీ బాకీయే, మనం ఇవ్వాల్సిందీ బాకీయే. ‘రావలసిన’ అని ప్రతిచోటా చేర్చండి. చార్జి రిజిస్ట్రేషన్ గడువు గురించి పత్రంలో ఏమైనా ఉంటే ఆ రోజుల లెక్క అంకెల్లోనే రాయండి. బ్రిటన్‌లో ఆ గడువు 21 రోజులు, మన కంపెనీల చట్టంలో మామూలు గడువు 30 రోజులు. రిజిస్టరు కాని చార్జి కంపెనీ మూతపడినప్పుడు లిక్విడేటర్ ముందు, మిగతా అప్పులవాళ్ళ ముందు చెల్లదు. అప్పుడు ఆ బ్యాంకు, హామీ లేకుండా సరుకిచ్చిన సరఫరాదారు ఒకే వరసలో నిలబడాల్సి వస్తుంది.